ఎనిమిది చుక్కల కన్ను

మానుకోటలో ఫ్లెక్సీ ప్రింటింగు దుకాణం నడపడమంటే ఊళ్లో పుట్టేవాళ్లకీ పోయేవాళ్లకీ మధ్యన కూర్చోవడమే. పొద్దున పుట్టినరోజు బోర్డు కొడతాం, మధ్యాహ్నం దశదినకర్మది కొడతాం. బోర్డుల మీద మహబూబాబాద్ అని రాస్తాం, నోటితో మానుకోట అంటాం. నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మా ఇంటామె రోజూ చెబుతుంది, నేను రోజూ వింటాను, దుకాణానికి రాగానే మరిచిపోతాను. అంత నోరున్న నేను ఒకే ఒక్క మనిషి ముందు పిల్లిలా ఉండేవాణ్ని. నా మడిగె, అంటే దుకాణం గది, ఆయనది.

ఆయనది గూడూరు దిక్కు పెద్ద వ్యవసాయం. అందరూ పటేలా అంటారు, నేనూ అదే అంటాను. స్టేషన్ రోడ్డులో నా దుకాణం ఉన్న బంగళా ఆయనదే. ఆ బంగళా మీద హోర్డింగు పెట్టే ఇనుప ఫ్రేమ్ కూడా ఆయనదే. నా ప్రింటింగు మిషన్‌ను లోపలికి తేవడానికి అప్పట్లో తలుపు ఊడదీసి, గోడ కొంత పగలగొట్టి, తిరిగి కట్టాం. అంటే ఖాళీ చేయమంటే మళ్లీ ఆ గోడ పగలాలి. ఈ సంగతి ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరం ఎప్పుడూ దాని గురించి మాట్లాడుకోలేదు.

నిరుడు వాళ్ల నాయన పోయాడు. ఈ ఏడు సంవత్సరీకం దగ్గర పడ్డప్పుడు ఆయన నలుగురు మనుషులతో దుకాణానికి వచ్చాడు.

"తమ్మీ, మీద ఫ్రేమ్ అంత నిండాలె. ఒక దిక్కు మా బాపు, ఒక దిక్కు మా అవ్వ. ఇద్దరు పక్కపక్కన ఉండాలె. ఇద్దరు కలిసున్న ఫొటో ఒక్కటి లేదు మా ఇంట్ల."

మా దిక్కు చాలా ఇళ్లలో అమ్మనే అవ్వ అంటారు. ఆయనకు రెండేళ్లు కూడా నిండకముందే వాళ్లమ్మ పోయింది. నాయన మళ్లీ పెళ్లి చేసుకోలేదు. ఆమెది ఒకటే ఫొటో, ఎవరిదో పెళ్లిలో గుంపుగా తీసింది. అందులోంచి ఆమె మొఖం వరకు కత్తిరించుకొని ఆ పెద్దమనిషి బతికినన్నాళ్లూ జేబులో పెట్టుకు తిరిగాడు. పోయినప్పుడు దాన్ని ఆయన అంగీ జేబులోనే ఉంచి చితి మీద పెట్టారు. ఆయనది ఆయనతోనే పోవాలని పెద్దవాళ్లు అన్నారట. పాడె లేపే ముందు పటేల్ బామ్మర్ది దాన్ని ఫోన్లో ఒక ఫొటో తీశాడు. ఆ ఫోనూ తర్వాత ఎక్కడో పోయింది. ఎవరో వాట్సాప్‌లో డీపీగా పెట్టుకున్న చిన్న బొమ్మను, తెర మీద ఉన్నది ఉన్నట్టు మళ్లీ ఫొటోగా పట్టినదొక్కటే మిగిలింది. అది నా ఫోనుకు వచ్చింది.

కంప్యూటర్లో తెరిచాను. తెర నడుమ గోటి కంటే కొంచెం పెద్దగా ఒక మొఖం. కొంగు తల మీదుగా ఉంది, ముక్కు పక్కన నల్లటి చుక్క ఉంది, చెంపల మీద మచ్చలు మచ్చలుగా ఉంది. పెద్దది చేస్తే గళ్లు గళ్లుగా విడిపోయింది.

"ఇది బోర్డుకు రాదు పటేలా," అన్నాను.

"ఎందుకు రాదు? పెద్దగ గుంజు."

"గుంజితే పగులుతది."

"నీ మిషన్ గంత పెద్దగున్నది, గింత పని చేయదా?" అన్నాడు. వెంట వచ్చినవాళ్లు నవ్వారు. నాకు ఒళ్లు మండింది. మిషన్ ఎంత పెద్దదైతే ఏం, కుండలో ఉంటేనే కదా గరిటెకు వచ్చేది! ఆ మాట గొంతు దాకా వచ్చి ఆగింది. "చూస్త పటేలా," అన్నాను.

చూడటానికి ఏముంది? రెండు రోజులు ఆ మొఖాన్ని కుడికీ ఎడమకీ తిప్పి చూశాను. ఆయన ఫోన్ చేస్తే, అయితది అనలేను, కాదు అనలేను. కక్కలేక మింగలేక కూర్చున్నాను. మూడోసారి ఆయన ఫోన్ చేయలేదు, ఫొటో పంపాడు. కింద "ఇగ సూడు" అని రాశాడు. బామ్మర్ది కొడుకు ఆ చిన్న బొమ్మను ఏదో యాప్‌లో వేస్తే వచ్చిందట.

తెరిచి చూసి ఉలిక్కిపడ్డాను. ఎంత పెద్దదైనా చేసుకోవచ్చు. కనురెప్ప వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. చెంపలు నున్నగా ఉన్నాయి. ముక్కు పక్కన చుక్క లేదు. చక్కటి ఆడమనిషి, సీరియల్లో కోడలిలా చిన్నగా నవ్వుతోంది. గళ్ల బొమ్మలో పెదాలు ఉన్నాయో లేవో తెలియదు, ఈ నవ్వు ఎక్కడి నుంచి వచ్చింది?

వెంటనే ఆయన ఫోన్. గొంతు మారిపోయి ఉంది. "తమ్మీ, యాభై ఏండ్ల సంది మా అవ్వ మొఖం ఎట్లుంటదో నాకు ఎర్క లేదు. ఇయ్యాల సూసిన. పొద్దటి సంది ఫోన్ కింద పెడ్తలేను."

ఆయన ఇంటికి వెళ్లి చెబుదామంటే అక్కడ ఎప్పుడూ పదిమంది ఉంటారు, పదిమందిలో ఆయన అమ్మ మొఖం అబద్ధమని ఎట్లా అంటాను? ఫోన్లో చెబితే సగంలో కోసేస్తాడు. అందుకే దుకాణం లెటర్‌ప్యాడ్ తీసి, బడి మానేశాక మొదటిసారి పెద్ద ఉత్తరం రాశాను. ఇంచుమించు ఇట్లా రాశాను.

"పటేలా, నమస్కారం. ఎదురుగా చెప్పే ధైర్యం లేక రాస్తున్నాను. చదివినాక తిట్టండి, పడతాను.

ఫోన్లో ఉండే ఫొటో అంటే చుక్కల పోగు. ఒక్కో చుక్కకు ఒక్కటే రంగు. మీరు మొదట పంపినదాంట్లో అడ్డం నూట అరవై చుక్కలు, నిలువు రెండు వందలు. అంతే. మీ బోర్డు మీద అమ్మగారి ఫొటో పదిహేను అడుగుల ఎత్తు రావాలి. అంటే ఒక్కో చుక్క దాదాపు అంగుళమవుతుంది. మన ఆడవాళ్లు వాకిట్లో చుక్కలు పెట్టి ముగ్గేస్తారు చూడండి. చిన్న వాకిలి ముగ్గును పెద్ద కల్లంలో వేస్తే చుక్కల మధ్య దూరం పెరుగుతుంది గాని చుక్కలు పెరగవు. ఇదీ అంతే. గుంజితే చుక్క లావవుతుంది, కొత్త చుక్క పుట్టదు. నా మిషన్ రంగును సన్నగానే చల్లుతుంది, కాని చల్లేదేమిటో ఫొటో చెప్పాలి కదా.

మీరొక మాట అంటారని తెలుసు. పెద్ద హోర్డింగులన్నీ దగ్గరికి పోయి చూస్తే చుక్కలే కదా అని. నిజమే. దూరం నుంచి చూసే బోర్డుకు పెళ్లి ఆల్బమంత నున్నదనం అక్కర్లేదు. అంగుళానికి ఇరవై ముప్పై చుక్కలున్నా రోడ్డు మీద నుంచి బాగుంటుంది. మన దగ్గర అంగుళానికి ఒక్కటి ఉంది. రైల్వే గేటు దాకా వెనక్కి పోయి చూస్తే అదీ మొఖంలాగే కనబడుతుంది, కాని అక్కడ నుంచి బోర్డు మొత్తం పోస్టు బిళ్లంత ఉంటుంది. అప్పుడు బోర్డెందుకు?

ఈ ఉత్తరంతో పాటు చుట్టి పంపిన ఫ్లెక్సీ ముక్క చూడండి. అది అమ్మగారి ఎడమ కన్ను, బోర్డు మీద ఎంత ఉంటుందో అంతే కొట్టాను. అడ్డం ఎనిమిది చుక్కలు. ఆ ఎనిమిదింటిలో కన్ను ఏది, రెప్ప ఏది, కాటుక ఏది, నాకు తెలియదు. మిషన్‌కూ తెలియదు.

కాగితం ఫొటో ఉండి ఉంటే, గోటంతదైనా సరే, స్కాన్ చేసి ఎంతో కొంత లాగేవాణ్ని. కాగితంలో ఫోన్ పట్టుకోని సంగతి ఉంటుంది. అది బాపుగారితో పోయింది.

ఇప్పుడు యాప్ ఇచ్చిన మొఖం సంగతి. పటేలా, అది మీ ఫొటోను పెద్దది చేయలేదు. లేని చుక్కలను అల్లింది. వేలమంది ఆడవాళ్ల ఫొటోలు చూసి నేర్చుకున్న మిషన్, ఈ గళ్లలో ఇట్లాంటి కన్ను ఉండొచ్చని ఎవరిదో కన్ను పెట్టింది, ఎవరిదో నవ్వు పెట్టింది. చెంపల మీదున్న మచ్చలు తుడిచేసింది. అవి ఫొటోకు పట్టిన మరకలో, అమ్మగారి మొఖమో నాకు తెలియదు. తెలియనిదాన్ని నేను తుడవను. ముక్కు మీద చుక్క పోయింది, అది ముక్కుపుల్ల అయి ఉంటే?

నేను ఎంతోమందికి అమ్మానాన్నల బోర్డులు కొట్టాను. ఒక సంగతి చూశాను. పెద్దగా రోజూ కళ్ల ముందున్న మొఖం, మనసులో ఉన్న చిన్న మొఖాన్ని తినేస్తుంది. మిగతావాళ్లకు పరవాలేదు, వాళ్లకు ఇంకా ఫొటోలున్నాయి, గుర్తులున్నాయి. మీకు ఉన్నది ఇదొక్కటే. దాన్ని పోగొట్టుకోకండి.

నా మాట వింటే, బోర్డు నిండా బాపుగారిని పెడదాం, ఆయనది ఈమధ్య ఎవరిదో పెళ్లిలో తీసిన మంచి ఫొటో ఉంది. ఆయన అంగీ జేబు దగ్గర అమ్మగారిని ఉన్నంతలో, చిన్నగా పెడదాం. రోడ్డు మీది వాళ్లకు కనబడదు. మీకు తెలుస్తుంది."

ఉత్తరం మడిచి, ఆ కన్ను ముక్కలో చుట్టి, ఆయన డ్రైవరు చేతికిచ్చాను. ఇచ్చిన మరుక్షణం గోడ వైపు చూశాను. ఈ వయసులో గోడ పగలగొట్టుకొని మిషన్ ఎక్కడికి మోయాలి? సాయంత్రం ఆయనే ఫోన్ చేశాడు.

"సదివిన తమ్మీ. మంచిగ రాసినవ్. నీ బాధ నాకు సమజైంది. నీ తోని కాదు, అంతేగదా. హనుమకొండల కొట్టిపిచ్చుకుంట తియ్."

కోపంగా అనలేదు. నా మీద జాలిపడి అన్నాడు. అది ఇంకా మండింది నాకు.

మూడో రోజు హనుమకొండ నుంచి ఫ్లెక్సీ చుట్ట వచ్చింది. మనుషులు నా దుకాణం పక్క మెట్ల మీదుగానే పైకి మోశారు. ఫ్రేమ్‌కు కడుతుంటే తాళ్లు నా షట్టర్ ముందు వేలాడాయి. బయటికి వచ్చి చూశాను. ఎడమ దిక్కు తెల్ల తలపాగాతో వాళ్ల నాయన, నిజం మనిషి. కుడి దిక్కు యాప్ పుట్టించిన ఆడమనిషి, కొత్త మొఖం, నా దుకాణానికి సరిగ్గా పైన. పటేల్ నిచ్చెన ఎక్కి ఆమె నుదుటి దాకా చెయ్యి అందక, మెడ దగ్గర పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టాడు. దిగేటప్పుడు కళ్లు తుడుచుకున్నాడు.

ఆ వారమంతా నేను దుకాణంలో కాదు, బోనులో కూర్చున్నాను. వచ్చినవాడల్లా పైకి చూసి లోపలికి వచ్చేవాడు. "మస్తు కొట్టినవన్నా, సచ్చిపోయినామెను లేపి నిలవెట్టినవ్," అని ఒకడు. "మా అమ్మది గూడ గిసొంటిదే చెయ్యవా, గోరంత ఫొటో ఉన్నది," అని ఇంకొకడు. నేను కొట్టలేదని చెబితే, మరి ఎందుకు కొట్టలేదని అడుగుతారు. ఎందుకు కొట్టలేదో చెబితే మడిగె పోతుంది. తలకాయ ఊపి ఊరుకున్నాను. ఎండకు ఆ బోర్డు నీడ నా గడప మీద పడేది. పడితే ఏం, దాటుకుంటూ తిరిగాను.

సంవత్సరీకానికి ముందు రోజు మధ్యాహ్నం గార్ల నుంచి వచ్చే ప్యాసింజరు బండి దిగి ఒక ముసలామె నడుచుకుంటూ వచ్చింది. చేతిలో గుడ్డ సంచి, దాంట్లో రేపటికి కొత్త బట్టలు. రోడ్డుకు అవతల నిలబడి చెయ్యి అడ్డం పెట్టుకొని పైకి చాలాసేపు చూసింది. తర్వాత నా దగ్గరికి వచ్చింది. మొఖమంతా సన్నటి గుంటలు. మా చిన్నప్పుడు అమ్మవారు పోసిన ముసలివాళ్లకు ఉండేవి, ఇప్పుడు అట్లాంటి మొఖాలు కనబడటం లేదు.

"బిడ్డా, మా బావ పక్కన నిలవడ్డ ఆమె ఎవరు?"

ఆమె పటేల్‌కు చిన్నమ్మ, పోయినామెకు సొంత చెల్లెలు. "కూసో అవ్వా, నీళ్లు తాగు," అన్నాను.

"నీళ్లు తర్వాత తాగుత. మా బావ నాకు ఎర్క లేకుంట ఇంకో పెండ్లి చేసుకున్నడా ఏంది?"

నవ్వు రావలసిన మాట. నాకు రాలేదు. చెప్పనా, మాననా? అప్పుడే పటేల్ కారు దిగాడు. చిన్నమ్మను చూసి సంబరంగా వచ్చి కాళ్లు మొక్కాడు. "సూసినవా చిన్నమ్మా, అవ్వను?"

ఆమె నా వైపు చూసింది, ఆయన వైపు చూసింది. "ఎవరి అవ్వను రా?"

"మన అవ్వనే. మీ అక్క."

"మా అక్క గామె గాదు," అంది ముసలామె. గొంతు పెంచలేదు. "మా అక్కకు, నాకు ఒక్కపారే తల్లి పోసింది. ఇద్దరిని ఒక్క వేపాకు పక్క మీదనే పండవెట్టిండ్రు. నాకంటె దానికే ఎక్కువ గుంటలు. నువ్వు దాని ఒళ్లె పండుకొని పాలు తాగుకుంట, ఆ గుంటలల్ల ఏలు పెట్టి ఆడేటోనివి. తియ్యిరా అంటె తియ్యకపోతువి. గామె చెంపలు సూడు, అద్దం లెక్కున్నయ్. ఏడ పెడ్తువు రా ఏలు?"

పటేల్ బయటికి వెళ్లి పైకి చూశాడు. ఒక్కసారిగా, "ఎవడ్రా ఆడ! పైకెక్కుండ్రి! అవ్వ దిక్కు కోసి దింపుండ్రి!" అని అరిచాడు. అప్పుడే దండలు కట్టడానికి పైకి ఎక్కిన ఇద్దరూ కిందికి చూసి కదల్లేదు. వాళ్లలో పెద్దవాడు చేతులు జోడించాడు.

"పటేలా, కొబ్బరికాయ కొట్టినవ్, పసుపు కుంకుమ పెట్టినవ్. ఇంటి ఆడామె మొఖానికి, అది గూడ సంవత్సరీకం ముందట, బ్లేడు ఎట్ల పెట్టాలె? మాకు గూడ పిల్లలున్నరు. నువ్వు కొట్టినా మేం పెట్టం."

పటేల్ ఇంకోసారి అరవలేదు. వాళ్లు అన్నది తప్పు కాదని ఆయనకూ తెలుసు. ఆయన చేత్తో ఆయనే ఆమెను ఇంటి తల్లిని చేశాడు. తెల్లారితే చుట్టాలు, లీడర్లు అందరూ వస్తారు. ఆమెకే దండ వేస్తారు, ఆమెకే మొక్కుతారు. దింపలేడు, ఉంచలేడు. నా వారం రోజుల బోను ఇప్పుడు ఆయనకు వచ్చింది. సంతోషపడతానేమో అనుకున్నాను గాని, నిజం చెప్పాలంటే పడలేకపోయాను.

ఆయన లోపలికి వచ్చి నా కుర్చీలో కూలబడ్డాడు. "తమ్మీ, ఆ సిన్న ఫొటో ఉన్నదా నీ కాడ?"

తీశాను. తెర నడుమ గోటంత మొఖం. ఆయన ముందుకు వంగి చూశాడు, కళ్లద్దాలు తీసి తుడిచి మళ్లీ చూశాడు.

"నాకు గామెనే కనవడుతున్నది," అన్నాడు. "దీంట్ల గూడ గామెనే నవ్వుతున్నది. ఎట్ల సూసినా గామె నవ్వే. నువ్వు రాసినవ్ కదా తమ్మీ, తింటది అని. నీ తోని కాక రాసినవనుకున్న."

ఆ మాట నేను ఎంత నమ్మి రాశానో నాకే అప్పుడు తెలిసింది. యాభై ఏళ్లు లేకుండా బతికినదాన్ని ఒక వారం చూసుకున్నాడు. చూసుకొని, ఉన్న కొంచెం కూడా పోగొట్టుకున్నాడు. పెద్దమనిషి, మీసం ఉన్న మనిషి, తెర ముందు పిల్లాడిలా ఏడుస్తుంటే నాకు కూడా ఏడుపు ఆగలేదు.

ముసలామె సంచి కింద పెట్టి స్టూలు లాక్కొని ఆయన ఎదురుగా కూర్చుంది. "ఆ డబ్బ బంజేయి బిడ్డా," అంది నాతో. తెర ఆర్పేశాను. ఆమె ఆయన కుడి చెయ్యి పట్టుకొని, చూపుడు వేలు తీసి తన చెంప మీద పెట్టుకుంది.

"కండ్లు మూసుకో రా," అంది.

ఆయన మూసుకున్నాడు. వేలు మెల్లగా ఒక గుంటలోంచి ఇంకో గుంటలోకి జరిగింది.

"గిట్లనే ఉండెనా చిన్నమ్మా?"

"గిట్లనే. ఇంకింత లోతు."

బయట ఎవరో పందిరి గుంజలు వచ్చాయని, ఎక్కడ దింపాలని ఆయన్ను పిలుస్తున్నారు. ఆయన కళ్లు తెరవలేదు.